చెరువుకి తెలీని అలక

“చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోనట్టు.” తెలుగు ఇళ్లలో ఈ సామెతని చాలాసార్లు సగమే అంటారు. పిల్లల ముందో, వియ్యంకుల ముందో అయితే “చెరువు మీద అలిగినట్టుంది” అని అక్కడితో ఆపేస్తారు. మిగతా సగం వినేవాళ్లకి తెలుసు కాబట్టి నవ్వుతారు. ఆ మిగతా సగం తెలియని తొమ్మిదేళ్ల పిల్లకి మాత్రం మిగిలేది ఒక వింత వాక్యం: ఎవరో ఒక చెరువు మీద అలిగారు. ఎందుకు? చెరువు ఏం చేసింది?

మా అమ్మాయి నన్ను అడిగింది సరిగ్గా ఇదే. తను పుట్టిందీ పెరుగుతున్నదీ అమెరికాలో. ఇంట్లో తెలుగు బాగానే మాట్లాడుతుంది. ఈత క్లబ్బులో నలుగురు కలిసి ఈదే రిలే జట్టులోకి తనని తీసుకోలేదని కోపం వచ్చి, రెండు వారాలు ప్రాక్టీసుకి వెళ్లడం మానేసింది. ఆ సంగతి వీడియో కాల్‌లో విన్న మా అమ్మ, అంటే దాని నాయనమ్మ, “ఏందమ్మా, చెరువు మీద అలిగినట్టుంది నీ యవ్వారం” అంది. ఫోన్ పెట్టేశాక నా చేతికొచ్చింది ఈ సామెత. దాన్ని విప్పి చెబుతూ పోతే, చివరికి నాయనమ్మ మాటలో ఎంత సరైనదో, ఎక్కడిదాకా సరైనదో కూడా తేల్చాల్సి వచ్చింది. ఆ తేల్చిన వరస ఇక్కడ రాస్తున్నాను.

ముందు బొమ్మ. “చెరువు అంటే లేక్ కదా” అంది పాప. తను చూసిన లేక్ చుట్టూ పైన్ చెట్లు, పడవలు, పార్కింగ్ లాట్ ఉంటాయి. మన చెరువు అది కాదు. చెరువుని మనుషులు కడతారు. వాన నీళ్లు పల్లానికి పారే చోట అడ్డంగా మట్టి కట్ట వేస్తే, వెనక నీళ్లు నిలుస్తాయి. పొలాలకి నీళ్లు వదలడానికి కట్ట కింద తూము ఉంటుంది. నిండిపోయినప్పుడు కట్ట తెగకుండా, ఎక్కువైన నీళ్లు పొర్లి పోవడానికి ఒక పక్కన రాతి కట్టడం ఉంటుంది. దాన్ని అలుగు అంటారు. పెద్ద వాన పడితే “చెరువు అలుగు పారుతోంది” అని ఊళ్లో వాళ్లు చూడ్డానికి వెళ్తారు. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన రామప్ప, పాకాల చెరువులు ఇవాళ్టికీ పొలాలకి నీళ్లిస్తున్నాయి. అలిగే అలుగూ, పారే అలుగూ ఒకేలా వినిపిస్తున్నాయని పాప సంబరపడింది. సామెత కట్టినవాళ్లకి ఆ ఆలోచన ఉందని నేను అనను గానీ, గుర్తుపెట్టుకోవడానికి మాత్రం పనికొచ్చింది.

ఇక బొమ్మలో మిగతా సగం. ఊళ్లలో ఇంటింటికీ మరుగుదొడ్డి లేని రోజుల్లో, తెల్లారకముందే మనుషులు ఊరి బయటికి వెళ్లేవాళ్లు. చెంబుతో నీళ్లు పట్టుకెళ్లడం ఒక పద్ధతి. చెరువు గట్టు దాపుకి వెళ్లి, పని కాగానే నీళ్ల దగ్గర కూర్చుని కడుక్కోవడం ఇంకో పద్ధతి. ఇదంతా తాగే నీళ్ల దగ్గర కాదు. కోస్తా ఊళ్లలో చాలాచోట్ల మంచినీళ్ల చెరువు వేరు, పశువులకీ బట్టలకీ వాడే చెరువో కుంటో వేరు. ఈ తేడాని కాస్త గుర్తుంచుకోవాలి, తర్వాత పని పడుతుంది.

“కడుక్కోకపోతే ఏం? పేపర్ వాడొచ్చు” అంది. బడిలో తను చేసేది అదే. ఇంట్లో మాత్రం టబ్ పక్కన ప్లాస్టిక్ మగ్ ఉంటుంది. పరాయి దేశంలో తెలుగువాళ్ల ఇంటిని గుర్తుపట్టడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. రెండు లోకాలూ తెలిసిన పిల్ల కాబట్టి నాకు పని తేలికైంది. “పేపర్ లేదు, మగ్ లేదు, ఇంకెక్కడా నీళ్లు లేవు. చెరువొక్కటే ఉంది. దాని మీద కోపమొచ్చి నువ్వు కడుక్కోకుండా లేచి బడికెళ్లావు. ఇప్పుడు చెప్పు, ఎవరికి నష్టం?” అన్నాను. రెండు క్షణాలు ఊహించుకుని, “ఛీ, నాన్నా!” అని పడీ పడీ నవ్వింది. సామెత అర్థమైందని నాకు అప్పుడు తెలిసింది. ఈ సామెతకి అసభ్యత అలంకారం కాదు, వాదం దానిమీదే నిలబడింది. “స్నానం మానేసినట్టు” అని మర్యాదగా మార్చి చెబితే నష్టం అంత బలంగా తగలదు. స్నానం ఒక పూట మానేస్తే ఎవరికీ తెలీకపోవచ్చు. ఇది మానేస్తే పక్కన కూర్చున్న ప్రతివాడికీ తెలుస్తుంది, ఒక్క చెరువుకి తప్ప.

ఈ వాక్యంలో మూడు మాటలు విడిగా చూడదగ్గవి. మొదటిది “కడుక్కోనట్టు”. కడగడం వేరు, కడుక్కోవడం వేరు. గిన్నె కడుగుతాం, కాళ్లు కడుక్కుంటాం. ఆ “కొను” చేరగానే చేసిన పని ఫలం చేసినవాడి దగ్గరికే తిరిగొస్తుంది. మానేసిన పనీ అంతే. నష్టం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు, క్రియలోనే ఉంది.

రెండోది చివరి “అట్టు”. ఈ సామెత పూర్తి వాక్యం కాదు. “ఫలానాది ఇలా ఉంది” అనేదాంట్లో “ఇలా” మాత్రమే ఇచ్చి, ఫలానాది ఏదో ఎదుటి మనిషికి వదిలేస్తుంది. అందుకే దీన్ని ఒంటరిగా ఎవరూ అనుకోరు. ఎప్పుడూ ఒక మనిషి ఇంకో మనిషిని చూసి అంటారు. అనేవాళ్లు ఒకరు, పడేవాళ్లు ఒకరు ఉంటారు. దీనిమీద తర్వాత ఇంకో మాట చెప్పాలి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, “అలిగి”. ఇది “కోపమొచ్చి” కాదు. పాప దీన్ని “మ్యాడ్” అని అనువాదం చేసుకుంది. కానీ కోపం ఎవరిమీదైనా రావచ్చు, రోడ్డు మీద అడ్డంగా వచ్చిన కారు మీద కూడా. అలక మాత్రం మనవాళ్ల మీదే. మొహం తిప్పుకుని, అన్నం మానేసి, తలుపేసుకుని కూర్చోవడం వెనక ఒక ఆశ ఉంటుంది: వాళ్లు గమనిస్తారు, వచ్చి బతిమాలతారు. అలక నిజానికి ఒక విన్నపం, మాటల్లేకుండా పెట్టుకున్న అర్జీ. తెలుగు పెళ్లిలో దీనికి ఏకంగా ఒక మంచమే ఉంది, అలకపాన్పు. కొత్త పెళ్లికొడుకు దానిమీద కూర్చుని అలుగుతాడు, అత్తమామలు ఏదో ఒకటి ఇచ్చి లేపుతారు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణము’లో కథ నడిచేదే సత్యభామ అలక మీద. కృష్ణుడు నారదుడిచ్చిన పువ్వుని రుక్మిణికి ఇచ్చాడని ఆమె అలిగితే, ఆయన స్వర్గానికి వెళ్లి పారిజాతం చెట్టునే పెకలించి తెచ్చాడు.

అంటే అలక వట్టి చేతకానితనం ఏమీ కాదు. ఎదుటివాడికి కళ్లుంటే, నీ మీద లక్ష్యముంటే అది పనిచేస్తుంది. సత్యభామకి పనిచేసింది. సామెతలో నవ్వు పుట్టేది ఇక్కడే. అర్జీ పెట్టుకోవడం తప్పని కాదు, అర్జీ తీసుకునే చోటే లేని దగ్గర పెట్టుకున్నాడని. చెరువుకి ఆ మనిషి వచ్చాడో లేదో కూడా తెలీదు.

ఇక్కడిదాకా వచ్చేసరికి సామెత ఎప్పుడు సరిపోతుందో ఒక పద్ధతిగా చెప్పుకోవచ్చు. మూడు సంగతులు ఒకేసారి నిజం కావాలి. నువ్వు మానేశావని అవతలివాళ్లకి తెలియకూడదు, తెలిసినా వాళ్లకి లెక్క ఉండకూడదు. మానేయడం వల్ల నష్టం నీకే రావాలి. నీకు వేరే నీళ్లు దొరక్కూడదు. ఈ మూడింట్లో ఒకటి తప్పినా బొమ్మ చెదిరిపోతుంది. “పేపర్ వాడొచ్చు” అని పాప అన్నప్పుడు తెలీకుండానే మూడోదాన్ని కొట్టేసింది. వేరే దారి ఉన్నవాడు చెరువు దగ్గరికి వెళ్లడం మానేస్తే అది తిక్క కాదు, ఎంపిక.

దీన్ని ఈత సంగతికి పెట్టి చూశాం. కోచ్‌కి తెలుసా? ఆయన దగ్గర ముప్ఫై మంది పిల్లలున్నారు. ఒకరు రెండు వారాలు రాకపోతే జలుబేమో అనుకుంటాడు. నష్టం ఎవరికి? పాపకే. రెండు వారాల తర్వాత నీళ్లలో దిగితే ఊపిరి అందదు. వేరే నీళ్లున్నాయా? ఇంకో కొలను నలభై నిమిషాల దూరంలో ఉంది, రోజూ వెళ్లలేం. మూడూ సరిపోయాయి. నాయనమ్మ చెప్పింది నిజమే.

కానీ పాప మొహంలో ఇంకా ఏదో మిగిలింది. “అయితే నాకు కోపం రావడం తప్పా?” అంది.

ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఎందుకంటే సామెత దీనికి జవాబు చెప్పదు. చెప్పినట్టు మాత్రం కనిపిస్తుంది. మళ్లీ బొమ్మ చూడండి. అలిగిన మనిషికి ఎదురుగా ఏముంది? చెరువు. చెరువు ఎవరికీ అన్యాయం చేయదు, చేయలేదు. కాబట్టి దానిమీద అలిగినవాడు మొదటి అడుగులోనే ఓడిపోయాడు. వాడి కారణం ఏమిటని మనం అడగం, అడగాలని కూడా తోచదు. నిజంలో మనం అలిగేది చెరువుల మీద కాదు. కోచ్ మీద, మేనేజర్ మీద, అన్నదమ్ముల మీద, ఊరి మీద. వీళ్లందరికీ నోరుంది, నిర్ణయాలు తీసుకుంటారు, తప్పులు చేస్తారు. ఎవరైనా “చెరువు మీద అలిగినట్టు” అన్న క్షణంలో ఆ అవతలి మనిషిని తీసేసి అక్కడ నీళ్లు పోస్తారు. దాంతో “అతను చేసింది న్యాయమా?” అనే ప్రశ్న మునిగిపోతుంది. మిగిలేది “నీకేం లాభం?” అన్న ప్రశ్న ఒక్కటే.

రెండూ వేరు వేరు ప్రశ్నలు. మానేయడం తెలివైన పనేనా అన్నది ఒకటి, నీ కోపం న్యాయమైనదేనా అన్నది ఇంకొకటి. సామెత మొదటిదానికి చాలా మంచి జవాబు. రెండోదాని గురించి దానికి ఏమీ తెలీదు.

ఇది తర్కం కోసం తర్కం కాదని చెప్పడానికి మా అమ్మ జిల్లాలోదే ఒక చెరువు ఉంది. కారంచేడు అప్పట్లో ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. 1985 జులైలో అక్కడ మాదిగలు తాగడానికి నీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర, కమ్మ భూస్వాముల కుటుంబాలకి చెందిన యువకులు గేదెకి కుడితి పెట్టిన బకెట్లు కడుగుతుంటే ఒక మాదిగ యువకుడు ఇది తాగే నీళ్లని అభ్యంతరం చెప్పాడు. అతన్ని కొట్టారు. నీళ్లకొచ్చిన ఒక స్త్రీ అడ్డుపడి, తన మీదికొచ్చినవాళ్లకి ఎదురుగా బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాలకి పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. తర్వాత వాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు: ఆ ఊరికి తిరిగి వెళ్లం.

సొంత ఊరు, ఇల్లు, పని, ఆ చెరువు నీళ్లు, అన్నీ వదులుకోవడం. సామెతని పైపైన పట్టుకుంటే అదీ “చెరువు మీద అలగడమే”. కానీ మూడు సంగతులూ పెట్టి చూడండి. అవతలివాళ్లకి తెలీకుండా పోయిందా? లేదు, రాష్ట్రమంతా కదిలింది, దళిత మహాసభ అక్కణ్ణుంచే పుట్టింది. నష్టం వాళ్లకి మాత్రమేనా? వాళ్లకి భయంకరమైన నష్టమే, కానీ పొలం పనులకి వాళ్ల చేతులు కావలసినవాళ్లూ ఆ ఊళ్లో ఉన్నారు. వేరే నీళ్లు లేవా? దొరికాయి, పోరాడితే. చివరికి వాళ్లకి చీరాలలోనే ఇళ్లు ఏర్పాటు చెయ్యాల్సి వచ్చింది. పైగా అది అలక కాదు. బతిమాలతారని ఎదురుచూసే సంబంధం అక్కడ ఎప్పుడూ లేదు. సామెత బొమ్మలో చెరువు అందరిదీ, ఎవరైనా వెళ్లి కడుక్కోవచ్చు. నిజం చెరువుకి ఎవరు ఏ గట్టున దిగాలి, ఎవరి మురికి ఎవరు తాగాలి అనే లెక్కలున్నాయి. మంచినీళ్ల చెరువు వేరని పైన చెప్పిన ఆ తేడా కోసమే కారంచేడులో ఆ యువకుడు నోరు తెరిచింది.

పాపకి ఈ కథ సగమే చెప్పాను. తాగే నీళ్లలో మురికి కడగొద్దన్నందుకు కొట్టారనీ, వాళ్లు ఊరు వదిలేసి వేరేచోట ఇళ్లు సాధించుకున్నారనీ చెప్పాను. ఆరుగురి సంగతి ఇంకాస్త పెద్దయ్యాక. అది విని తను వేసిన లెక్క సూటిగా ఉంది: “వాళ్లు అలిగింది చెరువు మీద కాదు, మనుషుల మీద.” నేను రెండు పేరాల్లో పైన చెప్పింది అదే.

మరి ఎవరైనా మనతో ఈ సామెత అన్నప్పుడు ఏం చెయ్యాలి? అనేవాళ్లు ఒకరు, పడేవాళ్లు ఒకరు ఉంటారని ముందే అనుకున్నాం. కాబట్టి అనేది ఎవరో చూడాలి. నాయనమ్మ అన్నప్పుడు ఆమె చూపు పాప మీద ఉంది. పిల్ల నష్టపోతోందని ఆమె బాధ, చెరువు గురించి ఆమెకి పట్టింపు లేదు. అదే మాట జీతం పెంచనందుకు ముభావంగా ఉన్న ఉద్యోగితో మేనేజర్ అన్నాడనుకోండి. అక్కడ చెరువే మాట్లాడుతోంది. మాట్లాడగలిగిన చెరువు చెరువు కాదు. దాన్ని జవాబు అడగొచ్చు. ఒకే వాక్యం మొదటి నోట్లో జాగ్రత్త, రెండో నోట్లో బెదిరింపు.

పాప విషయంలో మేం చేసింది ఇంతే. ముందు ప్రాక్టీసుకి వెళ్లింది. వెళ్లడం అంటే ఒప్పుకోవడం కాదని మాట్లాడుకున్నాం. కడుక్కున్నంత మాత్రాన చెరువుతో రాజీ పడ్డట్టు కాదు, ఒళ్లు శుభ్రమైంది అంతే. తర్వాత కోచ్‌ని తనే అడిగింది. యాభై గజాలు తను 38.4 సెకన్లలో ఈదింది, జట్టులోకి తీసుకున్న అమ్మాయిది 39.1. ఆయన చెప్పిన జవాబు: ప్రాక్టీసులో చేతి వాచీతో చూసిన టైము లెక్కకి రాదు, పోటీలో నమోదైనదే చూస్తాం, నీ 38.4 ప్రాక్టీసుది. నియమం సబబుగానే ఉంది. అయితే ఆ నియమం పిల్లలకి ముందుగా ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి “ముందే చెప్పొచ్చుగా” అంది. ఆ కోపం ఇంకా పోలేదు, పోవాలని నేనూ అనలేదు. దానికి ఇప్పుడు సరైన చిరునామా దొరికింది. ముందు “నన్ను తీసుకోలేదు” అని ఉన్నది, ఇప్పుడు “నియమం చెప్పలేదు” అయింది. దీన్ని అడగొచ్చు, సరిచేయించొచ్చు.

ఆ ఆదివారం నాయనమ్మకి తనే ఫోన్ చేసి, సామెత మొత్తం, ఆ మాటతో సహా, గట్టిగా అప్పజెప్పింది. మా అమ్మ నవ్వాపుకోలేక, “ఎవరే నీకా మాట చెప్పింది?” అంది. “నువ్వే సగం చెప్పావు” అంది ఇది. తర్వాత, “నాయనమ్మా, కానీ కోచ్ చెరువు కాదు” అని జోడించింది.

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, “కాదులే తల్లీ, కానీ ఒళ్లు నీదేగా” అంది మా అమ్మ.